కోయొద్దు, కబురు పెడదాం

2021 జూలైలో కోయంబత్తూరు దగ్గరి ఆనైకట్టిలో ఒక ఏనుగు ఆంత్రాక్స్‌తో, అంటే దొమ్మ వ్యాధితో చనిపోయింది. మన ధర్మపురి జిల్లాలోనూ ఏనుగులు తిరిగే అడవి అంచుల్లో పశువులు మేస్తాయి.

పశువు హఠాత్తుగా చనిపోయి, ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే మనం దాన్ని కోయకూడదు. గాలి తగిలితే క్రిములు గట్టి బీజాలుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. ఆ కళేబరాన్ని తాకినవారికి నొప్పిలేని నల్లటి పుండు లేస్తే, ఆస్పత్రిలో పశువు సంగతీ చెప్పాలి.

బ్రూసెల్లోసిస్ కూడా అంతే. చూడి ఆవు నెలలు నిండకముందే ఈసుకుపోయి, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చిపోతూ ఉంటే రెండు కబుర్లూ ఇద్దరు వైద్యులకూ చేరాలి. పాలు కాచే తాగాలి. పశువు, మనిషి, మట్టి కబుర్లను కలిపి చూడటమే ‘ఒకే ఆరోగ్యం’.