కాగితం మీద రాని మాట

అర్జీ రాసిపెట్టమని ఆయన మా ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. అరవై దాటిన మనిషి. చేతులు ఇంకా వణుకుతున్నాయి. డెల్టాలో నీటి వంతుల కాలం. తూము దగ్గర పక్క చేను కుర్రాడితో తగువైంది. కుర్రాడంటే నలభై ఏళ్లవాడే, ఈయన్ని 'బాబాయ్' అని పిలిచేవాడు. ఏం తిట్టాడో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. చెప్పారు. రాశాను. రాసింది చదివి వినిపించాను: "నన్ను నా కొడకా అన్నాడు."

ఆయన కాసేపు కాగితం వంక చూసి, "ఇంతేనా? చదువుతుంటే ఏమీ అనిపించట్లేదే. అక్కడ నా ప్రాణం పోయినంత పనయింది" అన్నారు.

నేను ఒక్క అక్షరం కూడా వదల్లేదు. అయినా ఆ మాట కాగితం మీదికి రాలేదు.

'నా కొడుకు' అన్నది తెలుగులో అతి మామూలు మాట. నా కొడుకు ఇంజనీరు, నా కొడుకు పెళ్లి అంటూ రోజూ వింటాం. పిలిచేటప్పుడు అది 'కొడకా' అవుతుంది. 'అడుగు' అన్నది 'అడగడం' అయినట్టే, చివరి అచ్చు నడిమి అచ్చును తనవైపు లాక్కుంటుంది. అందులో బూతేమీ లేదు. తల్లి పసివాడికి నీళ్లు పోస్తూ 'నా కొడకా, నా బంగారు కొండా' అంటే ఆ అక్షరాలు ఇవే. తిట్టుగా వాడినప్పుడు మాత్రం దాని వెనక ఒక దావా ఉంటుంది: నీ తండ్రిని నేను. అంటే దెబ్బ ఎదుటివాడికి కాదు, అక్కడ లేని అతని తల్లికి. మన తిట్లలో చాలాభాగం ఇలా ఇంట్లో ఉన్న ఆడమనిషి మీదుగానే నడుస్తాయి. దీన్ని నేను ఎప్పటికీ మామూలు విషయంగా తీసుకోలేను.

అయితే ఆ అర్థం ఒక్కటే దాని బరువు కాదు. నలభై ఏళ్లవాడు అరవై ఏళ్ల మనిషిని తన కొడుకు అంటే అక్షరార్థం ఎలాగూ పొసగదు. ఆడవాళ్లు కూడా కోపంలో ఇదే మాట అంటారు, అక్కడ తండ్రినన్న దావాకే చోటు లేదు. అర్థం అరిగిపోయినా దెబ్బ అరగలేదు. మరి ఆ దెబ్బ ఎక్కడ దాగి ఉంది?

అది తెలియాలంటే తూము దగ్గరికి వెళ్లాలి. ఆయన చెప్పినదీ, అక్కడే ఉన్న ఇద్దరు కూలీలు తర్వాత చెప్పినదీ కలిపితే వరస ఇది. కుర్రాడు వచ్చీరాగానే "బాబాయ్, ఇవాళ వంతు మాది కదా, తూము మీరెందుకు మూశారు?" అన్నాడు. పై చేలో నీరు ఎక్కలేదని ఈయన అన్నారు. "ఆ మాట ముందే చెప్పాలి కదా" అన్నాడతను. ఇందులో తిట్టు లేదు కానీ 'బాబాయ్' పోయింది. ఈయన గొంతు పెంచారు. "నువ్వు చెబితే వినాలా?" అన్నాడు. 'మీరు' పోయింది. ఆ తర్వాత "ఏంట్రా" వచ్చింది. అప్పుడు ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు కూలీల వైపు చూశాడు, మళ్లీ ఈయన వైపు తిరిగాడు, గొంతు తగ్గించి, పళ్ల బిగువున, మాట మాట విడదీసి ఆ రెండు మాటలూ అన్నాడు. ఈయన చెయ్యి పార మీదికి వెళ్లింది. కూలీల్లో ఒకడు పట్టుకోబట్టి సరిపోయింది.

ఆ మాటకు ముందే మూడు మెట్లు దిగిపోయాయని గమనించండి. వరస పోయింది, బహువచనం పోయింది, 'రా' చేరింది. తెలుగులో ఎదుటి మనిషిని ఏ ఎత్తున నిలబెట్టామో ప్రతి వాక్యం చివరా చెప్పక తప్పదు. 'వస్తారా' అనాలి, లేదా 'వస్తావా' అనాలి. రెండూ కాని మూడో దారి వెతుక్కోవాలంటే నానా తంటాలు పడాలి. ఆ ఎత్తు నుంచి ఎంత కిందికి లాగామన్నదే తిట్టు బరువు. చివరి మాట ఆ పతనానికి వేసిన ముద్ర మాత్రమే.

ఇదే మాటను ఈయన ఆ కుర్రాణ్ణి ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. టీకొట్టు దగ్గర "రారా నా కొడకా, టీ తాగుదువుగాని" అనేవారు. అతను నవ్వుతూ వచ్చి కూర్చునేవాడు. పెద్దవాడు చిన్నవాణ్ణి 'రా' అనడం మామూలే, కనుక అక్కడ కిందికి లాగడానికి ఎత్తు లేదు. ఒకే ఈడు స్నేహితుల మధ్య కూడా అంతే. ఊరికి చాలా ఏళ్లకు వచ్చినవాణ్ణి "ఏరా నా కొడకా, ఇప్పుడా గుర్తొచ్చాం?" అంటే అది కౌగిలింత లాంటిది. ఇద్దరూ ఎప్పుడో నేల మీదే కూర్చున్నారు. అక్కడ గొంతు పైనుంచి మొదలై సాగి, నవ్వులోకి జారుతుంది. తిట్టులో గొంతు సాగదు, తెగుతుంది. కేకలు వేస్తున్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదిగా మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరగడం మీరు చూసే ఉంటారు. కేక కోపంతో తన్నుకొస్తుంది. నెమ్మదిగా అన్న మాట ఆలోచించి అన్నట్టు వినిపిస్తుంది, అందుకే దాన్ని క్షమించడం కష్టం.

'నీ అమ్మ' అన్న మాటలోనూ ఇదే గుట్టు ఉంది. నిఘంటువు ప్రకారం అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ మనం పసిపిల్లవాణ్ణి కూడా 'మీ అమ్మ ఏది?' అనే అడుగుతాం. అమ్మానాన్నలు ఒక్కరి సొత్తు కాదు, ఇంటివాళ్లు కాబట్టి 'మా అమ్మ', 'మీ నాన్న' అంటాం. ఆ 'మీ'ని 'నీ' చేసి, నడుమ ఒక యకారం చేర్చి, వాక్యం పూర్తి చేయకుండా ఆపేస్తే అది తిట్టు. మిగతా సగం వినేవాడే పూరించుకుంటాడు. రాతలో అది రెండు మంచి మాటలు, ఆ తర్వాత మూడు చుక్కలు. నోట ఆ చుక్కలే అసలు మాట. 'నీ'ని ఎంతసేపు లాగాడు, ఎక్కడ ఆపాడు అన్నదాన్ని బట్టి అది విసుగో, ఆశ్చర్యమో, కయ్యమో తేలుతుంది. కాలికి రాయి తగిలినప్పుడు గాలిలోకి అన్నదానికీ, ఒకరి కళ్లలోకి చూసి అన్నదానికీ పోలిక లేదు.

ఇదంతా మనసుకు తోచేది మాత్రమే కాదు, ఒంటి మీద కొలవదగింది కూడా. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ హారిస్, ఆమె సహచరులు, టర్కిష్ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్న 32 మంది వేలికొనలకు చిన్న తీగలు తగిలించారు. మనసు కదిలితే వేళ్లకు చెమట పడుతుంది, చర్మంలో కరెంటు కాస్త సులువుగా పారుతుంది. నిషిద్ధమైన మాటలకు మాతృభాషలోనే ఎక్కువ చలనం కనిపించింది. నన్ను ఆపేసిన సంగతి మరొకటి: చిన్నప్పుడు పెద్దలు కసిరే మాటలకు, మన 'సిగ్గు లేదూ' లాంటివాటికి కూడా మాతృభాషలో చలనం ఎక్కువే. అందులో బూతన్నది లేదు. ఎవరి గొంతులో, ఏ వయసులో విన్నామో ఆ గొంతు మాటలో మిగిలిపోతుంది. అమెరికాలో పుట్టిన మన పిల్లలు తెలుగు తిట్టును ఆటగా పలకడం, అది విని తాతగారు అదిరిపడటం చాలా ఇళ్లలో జరిగేదే. పిల్లలకు మాట అందింది కానీ, దాని వెనకాల గొంతు అందలేదు.

మళ్లీ అర్జీకి వస్తాను. ఇలాంటి ఫిర్యాదుల్లో మామూలుగా 'అసభ్య పదజాలంతో దూషించాడు' అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షను బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీలపు మాటలు పలకడం గురించి. మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీని పాత రూపం మీద 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఊరికే తిట్టినంత మాత్రాన, అవమానించినంత మాత్రాన అది అశ్లీలం కాదని, పైగా నిందితుడు అన్న మాటలేమిటో రికార్డులో ఎక్కడా లేవని చెప్పింది. మన 'నా కొడకా' ఆ కొలతకు అందడం కష్టం.

దీనికి దగ్గరి సెక్షను 352. ఎదుటివాడు రెచ్చిపోయి శాంతిభంగం చేసేలా కావాలని అవమానించడం అందులోకి వస్తుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీని పాత రూపమైన 504 మీద సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు నాకు ఎంతో ఇష్టం. ఫిర్యాదులో ప్రతి మాటా పొల్లు పోకుండా ఉండాలన్న నియమం లేదంది. వెనకటి సంగతులు, సందర్భం, మాటను వాడిన తీరు, ఎవరితో అన్నారు, ఏ సమయాన అన్నారు, అన్నవాడి నడత, ఇవన్నీ చూడాల్సినవే అంది. చేలగట్టు మీద ఏ కూలీని అడిగినా ఇదే చెబుతాడు.

ఎవరి ఎదుట అన్నారన్నది కూడా బరువే. కులం పేరు ధ్రువపత్రం మీద ప్రభుత్వమే అచ్చువేసి ఇస్తుంది. అదే పేరు పెట్టి దళితుణ్ణో, గిరిజనుణ్ణో నలుగురి కంట పడే చోట తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. అచ్చులోనూ నోటిలోనూ మాట ఒకటే. మధ్యలో చేరినవి గొంతూ, చుట్టూ నిలబడ్డ జనమూ, వందల ఏళ్ల చరిత్రా.

ఆ రాత్రి నేను అర్జీ చింపి మళ్లీ మొదలుపెట్టాను. తూము ఎన్ని గంటలకు మూశారు, అతను వచ్చి మొదట ఏమని పిలిచాడు, 'బాబాయ్' ఎక్కడ ఆగిపోయింది, 'ఏంట్రా' ఎప్పుడు వచ్చింది, కూలీలు ఎంత దూరంలో ఉన్నారు, అతను వాళ్లవైపు చూసి మరీ అన్నాడా అని ఒక్కొక్కటే అడిగి రాశాను. ఒకటిన్నర పేజీ అయింది. చదివి వినిపిస్తుంటే ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అర్జీ స్టేషను దాకా వెళ్లలేదు. మర్నాడు ఊళ్లో పెద్దలు ఇద్దరినీ రామాలయం అరుగు మీద కూర్చోబెట్టారు. కుర్రాడు తలదించుకుని "తప్పయిపోయింది" అన్నాడు. ఈయన పలకలేదు. ఇంకోసారి అన్నాడు. ఈయన స్తంభం వైపే చూస్తూ కూర్చున్నారు. అతను లేచి దగ్గరికి వచ్చి, "బాబాయ్, రేపటి వంతు మీరే పెట్టుకోండి" అన్నాడు. ఈయన తల తిప్పి చూశారు.

"సర్లేరా" అన్నారు.