కార్టులోనే ఉండిపోయిన కుర్తా: ఎందుకు? ఎలా?

అమీర్‌పేటలో మెట్రో ఎక్కిన అమ్మాయి ఫోన్‌లో ఒక పోచంపల్లి ఇక్కత్ కుర్తా చూసింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటేలోపు సైజు ఎంచుకుని కార్టులో వేసింది. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేసరికి ఈమెయిల్, చిరునామా నింపింది. రాయదుర్గంలో దిగే హడావుడిలో ఫోన్ బ్యాగులోకి వెళ్లిపోయింది. కుర్తా కార్టులోనే ఉండిపోయింది. మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల ఆన్‌లైన్‌లో బట్టలమ్మే చిన్న దుకాణదారులు ఇలాంటి కార్టుల గురించి తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి.

కొనకుండా ఎందుకు వెళ్లిపోతారు?

ఇది మీ ఒక్కరి దుకాణంలో జరిగేది కాదు. బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన సగటు ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా నూటికి 70 దాకా కార్టులు కొనుగోలు వరకూ రావు. అలా వదిలేసేవాళ్లలో చాలామంది ఊరికే చూసి పోయేవాళ్లే. బజారులో చీర విప్పించి చూసి వెళ్లిపోయినట్టే ఇదీ. వాళ్లకి కార్టును గుర్తుచేస్తూ ఎన్ని మెయిళ్లు పంపినా లాభం లేదు.

మనకు కావలసింది కొనాలనుకుని ఆగిపోయినవాళ్లు. వాళ్లు ఆగడానికి ఏదో ఒక కారణం ఉంటుంది. దిగే స్టేషన్ వచ్చి ఉంటుంది. చివర్లో డెలివరీ చార్జీ కనబడి ఉంటుంది. సైజు మీద అనుమానం వచ్చి ఉంటుంది. లేదా యూపీఐ చెల్లింపు మధ్యలో ఆగి ఉంటుంది. మెయిల్ చేయాల్సిన పని ఆ అడ్డును తీయడం. తొందరపెట్టడం దాని పని కాదు.

ఎన్ని మెయిళ్లు, ఎప్పుడెప్పుడు?

మూడు చాలు. మొదటిది గంట తర్వాత, రెండోది మర్నాడు, మూడోది మూడో రోజు. గంట ఆగడం దేనికంటే, చాలామంది ఆఫీసులో కుదురుకున్నాక తామే వచ్చి కొంటారు. అయిదు నిమిషాలకే పంపితే షాపువాళ్లు వెంటపడుతున్నట్టు అనిపిస్తుంది. రెండు రోజులు ఆగితే అప్పటికి ఆ కుర్తానే మరిచిపోతారు.

మొదటి మెయిల్‌లో తగ్గింపు మాట ఎత్తకూడదు. అందులో కుర్తా ఫొటో, ఎంచుకున్న సైజు, డెలివరీతో కలిపి మొత్తం ధర, నొక్కగానే నిండిన కార్టుకు తీసుకెళ్లే లింకు ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

> మీ నీలం ఇక్కత్ కుర్తా కార్టులోనే ఉంది
> నమస్తే అండీ. మీరు పొద్దున ఎంచుకున్న కుర్తా, 40 సైజు, అలాగే ఉంచాం. డెలివరీతో కలిపి ₹1,499. మళ్లీ వెతుక్కోనక్కర్లేదు, కింద నొక్కితే ఆపిన చోటికే వెళ్తారు. సైజు మీద సందేహం ఉంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి, మేమే చదువుతాం.

ఆఖరి వాక్యం రాశాక మాట నిలబెట్టుకోవాలి. జవాబు రాయడానికి వీల్లేని చిరునామా నుంచి ఈ మెయిల్ పంపకూడదు.

రెండో మెయిల్‌లో ఏం రాయాలి?

ఆ బట్ట మీద వచ్చే అనుమానానికి జవాబు రాయాలి. ఇక్కత్ ఫొటో దగ్గరగా చూసినవాళ్లకు డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు కనబడతాయి. అది లోపమేమో అనుకుంటారు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి, మగ్గం మీద ఆ పోగులు రవ్వంత అటూ ఇటూ జరిగి అంచులు అలా వస్తాయి. రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి తిరగేసి చూసినా డిజైన్ దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. పైపైన అద్దిన ప్రింటయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది. ఈ నాలుగు ముక్కలూ, బట్టను తిరగేసి తీసిన ఒక ఫొటో, కుర్తా ఛాతీ కొలత, పొడవు, సైజు మార్చుకునే పద్ధతి ఉంటే రెండో మెయిల్ సిద్ధమైనట్టే.

మూడో మెయిల్‌లో కూపన్ ఇవ్వాలా?

ముందు లెక్క వేయండి. ₹1,499 కుర్తా మీద ఖర్చులు పోను మీకు ₹450 మిగులుతుందనుకుందాం. పది శాతం కూపన్ ఇస్తే దాదాపు ₹150 పోయి ₹300 మిగులుతుంది. కూపన్ లేని మూడో మెయిల్‌కు పదిమంది కొంటుంటే మీకు వచ్చేది ₹4,500. కూపన్ ఇచ్చాక అంతే రావాలంటే పదిహేనుమంది కొనాలి. పద్నాలుగుమంది కొంటే అమ్మకం పెరిగినట్టే కనబడుతుంది కానీ, చేతికొచ్చేది తగ్గుతుంది. పైగా వదిలేస్తే కూపన్ వస్తుందని తెలిసినవాళ్లు ప్రతిసారీ కావాలనే వదిలేస్తారు. అందుకే కూపన్ మొదటిసారి కొనేవాళ్లకు మాత్రమే ఇవ్వడం మంచిది. మిగతావాళ్లకు ‘ఈ కుర్తా గురించి ఇదే చివరి మెయిల్’ అని చెప్పి ఆపేయండి.

‘ఒక్కటే మిగిలింది’, ‘ఇంకో గంటే గడువు’ అనే మాటలు నిజమైతేనే రాయాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపూరిత పద్ధతుల్లో లేని తొందర సృష్టించడం ఒకటి.

ఎక్కడ బెడిసికొడుతుంది?

అన్నిటికంటే చేటు చేసేది చెల్లింపు ఆగిపోయినవాళ్లకు ‘కార్టు మరిచిపోయారు’ అని రాయడం. ఖాతాలోంచి డబ్బు కట్ అయి, ఆర్డరు రాక, కంగారులో ఉన్న మనిషికి ఆ మాట పుండు మీద కారమే. అందుకే మెయిల్ బయల్దేరే ముందు పేమెంట్ గేట్‌వేలో ఆ చెల్లింపు స్థితి చూసేలా పెట్టుకోవాలి. పెండింగ్ అయినా, ఫెయిల్ అయినా ఈ మూడు మెయిళ్లూ ఆగాలి. వాటి బదులు, డబ్బు ఏమైందో, ఇప్పుడేం చేయాలో చెప్పే వేరే మెయిల్ వెంటనే వెళ్లాలి.

రెండో పొరపాటు, కొన్నవాళ్లకు పంపడం. పొద్దున ఫోన్‌లో ఒక ఈమెయిల్‌తో మొదలుపెట్టి, మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో ఇంకో ఈమెయిల్‌తో కొంటారు. ఈమెయిల్ ఒక్కటే పోల్చే ఏర్పాటుకు ఇది తెలియదు. డెలివరీ కోసం ఇచ్చిన ఫోన్ నంబరునూ పోల్చి, ఆర్డరు కనబడగానే మిగతా మెయిళ్లు ఆపేయాలి. సరుకు అయిపోయినా అంతే.

పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మకండి. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లోని గోప్యత ఏర్పాటు, మనిషి తెరవకపోయినా మెయిల్‌లోని బొమ్మలను ముందే దించుకుంటుంది. అది తెరిచినట్టే లెక్కలోకొస్తుంది. ఐటీ కారిడార్‌లో ఇంకో చిక్కుంది. ఆఫీసు ఈమెయిల్ ఇచ్చినవాళ్ల విషయంలో, కంపెనీ భద్రతా వ్యవస్థ ప్రతి లింకునూ తనే నొక్కి పరీక్షించవచ్చు. పంపిన మరుక్షణమే, మెయిల్‌లోని లింకులన్నిటి మీదా క్లిక్కులు పడ్డాయంటే అది మనిషి కాదు.

నమ్మదగింది ఆర్డర్ల లెక్కే. అదీ పోల్చి చూస్తేనే. వదిలేసిన కార్టుల్లో ప్రతి పదింటిలో ఒకదానికి, చీటీ తీసినట్టు ఎంచి, ఏ మెయిలూ పంపకండి. ఒక నెలలో మెయిల్ వెళ్లిన 900 మందిలో 81 మంది, వెళ్లని 100 మందిలో 6 మంది కొన్నారనుకుందాం. అంటే నూటికి 9, నూటికి 6. మెయిళ్ల వల్ల వచ్చింది 81 కాదు, 27 మాత్రమే. మిగతా 54 మంది ఎలాగూ వచ్చేవాళ్లే. వందమంది మీద ఒక నెల లెక్కలో ఇద్దరు ముగ్గురి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి, మూడు నాలుగు నెలలు కలిపి చూశాకే నిర్ణయానికి రండి.

ఆ నెలల్లో వచ్చిన జవాబు మెయిళ్లను విడిగా దాచుకోండి. పదిమంది ‘పొడవెంత?’ అని అడిగి ఉంటే, ఆ కొలత ఉండాల్సిన చోటు రెండో మెయిల్ కాదు, కుర్తా ఫొటో పక్కనే. దాన్ని అక్కడ పెట్టి ఉంటే, రాయదుర్గం రాకముందే ఆ అమ్మాయి చెల్లింపు పూర్తిచేసి ఉండేదేమో.