హీరో బలం పెరగాలి, ఆట పలచబడకూడదు

రోల్‌ప్లేయింగ్ గేములు ఆడేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మొదట్లో ఆట రంజుగా సాగుతుంది. ప్రతి శత్రువూ చెమటలు పట్టిస్తాడు, ప్రతి గెలుపూ తీపిగా ఉంటుంది. సగం దాటాక ఎవడొచ్చినా ఒక్క దెబ్బకే కూలిపోతాడు. ఇక ఆడడానికేమీ మిగలదు. దీనికి కథనో బొమ్మలనో తప్పుపట్టి లాభం లేదు. తప్పు దాదాపు ఎప్పుడూ రెండు లెక్కల్లో ఉంటుంది. ఒకటి, లెవెల్ పెరగడానికి ఎంత అనుభవం, అంటే ఎన్ని ఎక్స్‌పీ పాయింట్లు కావాలన్నది. రెండోది, లెవెల్ పెరిగినప్పుడు బలం ఎంత పెరగాలన్నది.

కొత్తగా గేమ్ తయారుచేసేవాళ్లకు మొట్టమొదట తట్టే ఆలోచన ‘లెవెల్‌కి పది శాతం’. చూడ్డానికి చిన్న అంకె. కానీ ఇది చక్రవడ్డీ. మొదటి లెవెల్లో దాడిబలం 10 అనుకుంటే 50వ లెవెల్‌కి అది వెయ్యి దాటుతుంది, 100వ లెవెల్‌కి లక్షా పాతిక వేలు దాటుతుంది. అంకెలు పెద్దవైతే తెరమీద ఇమడవు, అది చిన్న సమస్యే. అసలు సమస్య వేరే ఉంది. ఈ పద్ధతిలో పది లెవెల్స్ తేడా ఉన్న ఇద్దరి మధ్య బలం ఎప్పుడూ 2.6 రెట్లే. పదో లెవెల్ దగ్గరా అంతే, తొంభయ్యో లెవెల్ దగ్గరా అంతే. కాస్త ముందున్నవాడు త్వరగా గెలుస్తాడు, త్వరగా గెలిచినవాడికి ఎక్కువ ఎక్స్‌పీ వస్తుంది, దాంతో వాడు ఇంకా ముందుకు పోతాడు. వాణ్ని ఆపేది ఏదీ లేదు.

ఈ పరుగుకి కళ్లెం వేసిన లెక్క చూడాలంటే పోకెమాన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. 1996లో జపాన్‌లో గేమ్‌బాయ్ కోసం వచ్చిన ఆట అది. పిల్లల ఆట అని తీసిపారేస్తారు గానీ, లోపలి లెక్క మాత్రం ఆరితేరినవాళ్లు వేసింది. అందులో ఒక జీవి బలాన్ని ఇలా కడతారు (పుట్టుకతో వచ్చే చిన్న తేడాలు, సాధనతో వచ్చే అదనాలు ఉంటాయి, వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను):

```
stat = 2 × base × level / 100 + 5
HP   = 2 × base × level / 100 + level + 10
```

`base` అంటే ఆ జాతికి ఉన్న మూలబలం. దాన్ని 100 అనుకుందాం. 10వ లెవెల్లో దాడిబలం 25, 50వ లెవెల్లో 105, వందలో 205. లెవెల్‌కి సరిగ్గా 2 చొప్పున, మెట్లెక్కినట్టు పెరుగుతుంది. పెరిగేది ఎప్పుడూ అంతే అయినా దాని విలువ మాత్రం ఒకేలా ఉండదు. 10 నుంచి 11కి వెళ్లినప్పుడు 25 కాస్తా 27 అవుతుంది, అంటే 8 శాతం. 50 నుంచి 51కి వెళ్లినప్పుడు 105 కాస్తా 107 అవుతుంది, రెండు శాతం కూడా కాదు. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో లెవెల్ ఇచ్చే ఆధిక్యం తగ్గుతూ పోతుంది. కళ్లెం అక్కడే ఉంది.

బలం ఒక్కటే చూస్తే చాలదు, ఆ బలం దెబ్బగా ఎలా మారుతుందో చూడాలి. చాలామంది ‘దాడి నుంచి రక్షణ తీసేస్తే దెబ్బ’ అని రాసేస్తారు. అది ప్రమాదం. దాడి 100, రక్షణ 90 ఉంటే దెబ్బ 10. దాడి పదే పెరిగి 110 అయితే దెబ్బ 20, అంటే రెట్టింపు. దాడి 90కి తగ్గితే దెబ్బ సున్నా. చిన్న మార్పుకి ఆట ఒక కొస నుంచి ఇంకో కొసకి ఊగిపోతుంది. పోకెమాన్‌లో తీసివేతకు బదులు భాగహారం ఉంటుంది:

```
damage = (2 × level / 5 + 2) × power × attack / defense / 50 + 2
```

`power` అంటే వాడిన దెబ్బ తీవ్రత. దాన్ని 40 అనుకుందాం. భిన్నాలను వదిలేసి, అదృష్టం మీద ఆధారపడే తేడాలు పక్కనపెట్టి, ఒకే లెవెల్ జీవులు రెండు తలపడితే ఏమవుతుందో చూద్దాం. 10వ లెవెల్లో దెబ్బకి 6 పోతుంది, ప్రాణం 40, అంటే ఏడు దెబ్బలు. 50వ లెవెల్లో దెబ్బకి 19, ప్రాణం 160, తొమ్మిది దెబ్బలు. వందలో దెబ్బకి 35, ప్రాణం 310, మళ్లీ తొమ్మిదే. అంకెలు ఏడెనిమిది రెట్లు పెరిగినా పోరాటం నిడివి పెద్దగా మారలేదు.

లెవెల్స్‌లో పది తేడా పెట్టి చూస్తే లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. 20వ లెవెల్ జీవి 10వ లెవెల్ జీవిని మూడు దెబ్బల్లో పడగొడుతుంది. ఎదుటిదానికి పద్దెనిమిది దెబ్బలు కావాలి. అది పోరాటమే కాదు. అదే పది లెవెల్స్ తేడా 60కీ 50కీ మధ్య ఉంటే పెద్దదానికి ఏడు దెబ్బలు, చిన్నదానికి పన్నెండు. పెద్దదే గెలుస్తుంది గానీ, చిన్నదాని చేతిలో సరైన ఎత్తుగడ ఉంటే ఫలితం తిరగబడే వీలుంది. మొదట్లో లెవెల్ మాట చెల్లుతుంది, పోనుపోనూ ఆడేవాడి తెలివికి చోటు పెరుగుతుంది.

దీనికో ధర ఉంది. పై లెవెల్స్‌లో రెండు శాతం పెరుగుదల ఆడేవాడికి తెలియనే తెలియదు. లెవెల్ పెరిగిందన్న సంబరం రావాలంటే ఇంకేదో కావాలి. అందుకే పోకెమాన్‌లో కొన్ని లెవెల్స్ దగ్గర కొత్త దెబ్బ నేర్చుకోవడం, జీవి రూపం మారి మూలబలం పెరగడం లాంటివి పెట్టారు. సంబరమంతా నిర్ణీత మెట్ల దగ్గర ఉంటుంది కాబట్టి, దాన్ని తయారుచేసినవాళ్లు ముందే తూచి పెట్టగలిగారు.

ఇక ఎక్స్‌పీ సంగతి. పోకెమాన్‌లో జాతిని బట్టి వేర్వేరు వంపులున్నాయి. వాటిలో అన్నిటికన్నా సరళమైనది లెవెల్ ఘనం: n వ లెవెల్‌కి మొత్తం n × n × n పాయింట్లు కావాలి. వందకి చేరాలంటే పది లక్షలు. ఈ అంకె చూసి భయపడేవాళ్లున్నారు, కానీ ఖర్చును రాబడి పక్కన పెట్టి చూస్తే తప్ప అది ఏమీ చెప్పదు. ఓడిన జీవి ఇచ్చే ఎక్స్‌పీ పాత ఆటల్లో దాని లెవెల్‌ని బట్టి పెరుగుతుంది. సగటున లెవెల్‌కి పది రెట్లనుకుందాం. 10వ లెవెల్లో తర్వాతి మెట్టుకి 331 కావాలి, పోరాటానికి 100 వస్తుంది, అంటే నాలుగు పోరాటాల లోపే. 50వ లెవెల్లో 7,651 కావాలి, పోరాటానికి 500 వస్తుంది, పదిహేను పైచిలుకు. ఖర్చు లెవెల్ వర్గంలా పెరుగుతోంది, రాబడి లెవెల్‌తో పాటే పెరుగుతోంది, కాబట్టి పోరాటాల సంఖ్య నిదానంగా, తిన్నగా పెరుగుతుంది.

పనిలో పనిగా ఇంకో రంధ్రం కూడా మూసుకుపోతుంది. 60వ లెవెల్ చేరినవాడు పదో లెవెల్ జీవుల్ని ఊచకోత కోస్తూ కూర్చుంటే ఒక్క మెట్టెక్కడానికి 110 పోరాటాలు చేయాలి. 2010లో వచ్చిన బ్లాక్, వైట్ ఆటల్లో దీన్ని ఇంకా బిగించారు. అక్కడ ఇద్దరి లెవెల్స్ తేడాని బట్టి రాబడి మారుతుంది. ఆ 60వ లెవెల్‌వాడికి పదో లెవెల్ శత్రువు మీద దక్కేది సమ ఉజ్జీని గెలిచినట్టు లెక్కించిన మొత్తంలో తొమ్మిది శాతం కూడా ఉండదు. వెనుకబడినవాడు తనకంటే పెద్దదాన్ని గెలిస్తే అదనంగా వస్తుంది. పదో లెవెల్ జీవి ఇరవయ్యో లెవెల్ దాన్ని ఓడిస్తే దాదాపు ఒకటిం ముప్పావు రెట్లు. ముందున్నవాణ్ని నెమ్మదింపజేస్తూ వెనకున్నవాణ్ని లాక్కొచ్చే ఏర్పాటిది.

రూన్‌స్కేప్‌ది మరో దారి. అందులో ఖర్చు దాదాపు ప్రతి ఏడు లెవెల్స్‌కీ రెట్టింపవుతుంది. 99వ లెవెల్‌కి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ లెవెల్‌కి 65,17,253. అంటే 92 చేరినవాడు సరిగ్గా సగం దారిలో ఉన్నట్టు! అక్కడ పైకెళ్లేకొద్దీ ఎక్కువ రాబడి ఇచ్చే పనులు తెరుచుకుంటాయి గనక నడిచింది. రాబడి అలా పెరగని ఆటలో ఈ వంపును తెచ్చిపెడితే అరవయ్యో లెవెల్ దగ్గరే జనం ఆడడం మానేస్తారు.

సూత్రం ఏదైనా రెండు కొసల దగ్గర పరీక్షించాలి. పోకెమాన్‌లోనే ఇంకో వంపు ఉంది:

```
6/5 × n^3 − 15 × n^2 + 100 × n − 140
```

వందో లెవెల్‌కి ఇది 10,59,860 ఇస్తుంది, బాగానే ఉంది. n స్థానంలో 1 వేస్తే మైనస్ 54 వస్తుంది. మొదటి ఆటల్లో ఎక్స్‌పీని రుణసంఖ్యలు పట్టని 24 బిట్ల గడిలో దాచేవారు, కనుక మైనస్ 54 కాస్తా 1,67,77,162 అయి కూర్చుంటుంది. మామూలుగా ఆడితే ఒకటో లెవెల్ జీవి దొరకదు గానీ, ఆటలోని లోపాల్ని వాడుకుని దాన్ని సంపాదించినవాళ్లు ఒక్క చిన్న గెలుపుతో దాన్ని వందకి ఎగరేశారు.

మరి సొంత ఆటకి లెక్క వేసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్స్‌పీ అంకెలతో మాత్రం కాదు. ఒక్కో లెవెల్‌కి ఎన్ని పోరాటాలు ఉంటే విసుగు రాదో ముందు తేల్చుకోవాలి. మొదట్లో మూడు, ప్రతి అయిదు లెవెల్స్‌కీ ఒకటి ఎక్కువ అనుకుందాం. పోరాటానికి రాబడి లెవెల్‌కి పదిరెట్లు. అప్పుడు తర్వాతి మెట్టుకి కావలసినది దానంతటదే తేలుతుంది:

```
need(n) = 10n × (3 + n/5) = 30n + 2n²
```

ఒకటి నుంచి యాభై దాకా కూడితే 1,17,600. పోకెమాన్ ఘనం లెక్కలో అదే మెట్టుకి 1,25,000. రెండూ దగ్గరగా రావడం కాకతాళీయం కాదు. పోరాటాలు తిన్నగా పెరగాలని, రాబడి లెవెల్‌తో పాటు పెరగాలని అడిగితే వచ్చేది ఘనం లాంటి వంపే. మొత్తం పోరాటాలు 392. ఒక్కోటి రెండు నిమిషాలైతే పదమూడు గంటలు. ఎక్కువనిపిస్తే మూడుని రెండు చేసుకోవచ్చు, మిగతా లెక్కంతా దాని వెంటే దిగుతుంది.

ఇంత జాగ్రత్తగా కట్టినదాన్ని ఎక్కువగా కూలగొట్టేది ఆయుధాల దుకాణం. కత్తికి దాడిబలం 50 శాతం, ఉంగరానికి 50 శాతం, మందుసీసాకి 50 శాతం అని రాసి, ఒకదాన్నొకటి హెచ్చించేస్తారు. అది మూడింతలు దాటుతుంది. 50వ లెవెల్ హీరో దాడిబలం 105 నుంచి 354కి పోతుంది. తొమ్మిది దెబ్బల పోరాటం మూడు దెబ్బల్లో ముగుస్తుంది. మన సూత్రంలో అంత దాడిబలం రావాలంటే 175వ లెవెల్ కావాలి, ఆటేమో వందతో ఆగిపోతుంది.

అందుకే ప్రతి వస్తువునీ లెవెల్స్‌లో తూచడం మేలు. మూలబలం 100 ఉన్న హీరోకి లెవెల్‌కి 2 చొప్పున పెరుగుతుంది కాబట్టి, దాడికి 10 కలిపే కత్తి దాడి విషయంలో అయిదు లెవెల్స్‌తో సమానం. 50 నుంచి 55కి ఎక్కాలంటే 67 పోరాటాలు పడతాయి. నిజమైన లెవెల్స్‌తో రక్షణా ప్రాణం కూడా పెరుగుతాయి, కత్తి పెంచేది దాడినొక్కదాన్నే. కనుక మూడో వంతు లెక్కేసి, ఆ కత్తి ధరని ఇరవై రెండు పోరాటాల్లో దొరికే బంగారం దగ్గర పెట్టి ఆడించి చూడాలి.