పదేళ్ల వారంటీ... దేనికి?

ఫ్రిజ్ తలుపు మీద తళతళలాడే స్టిక్కర్. దాని మీద పెద్ద అక్షరాలతో '10 ఏళ్ల వారంటీ'. ఆ అంకె పక్కనే కనీకనిపించనట్టు ఓ చిన్న నక్షత్రం. ఆ నక్షత్రానికి అర్థం లోపలున్న కాగితంలో ఉంటుంది. ఆ కాగితమేమో పాలిథిన్ కవర్లోంచి బయటికొచ్చేది ఫ్రిజ్ పాడైన రోజునే! అదేదో కొనే రోజే చదివితే పోలా?

చాలా కంపెనీల కార్డుల్లో ఉండేది ఒకటే లెక్క. మొదటి ఏడాది ఫ్రిజ్ మొత్తానికి వారంటీ. ఆ తర్వాత తొమ్మిదేళ్లూ ఒక్క కంప్రెసర్‌కే. మొదటి ఏడాదిలో కూడా బల్బులు, గాజు అరలు, ప్లాస్టిక్ భాగాలను చాలామంది మినహాయిస్తారు. అంటే పదేళ్ల మాట నిజమే... కాకపోతే ఫ్రిజ్‌కి కాదు, దాని వెనకాల కింద ఉండే ఆ నల్లటి డబ్బాకి.

కంప్రెసర్ ఉచితం... మరి బిల్లెందుకు?

రూ.28 వేలు పెట్టి ఫ్రిజ్ కొన్నామనుకుందాం. ఏడో ఏట చల్లదనం ఆగిపోయింది. కంపెనీ మెకానిక్ వచ్చి చూసి కంప్రెసర్ పోయిందన్నాడు. వారంటీ ఉంది కాబట్టి కొత్తది ఉచితంగానే వేశాడు. చివర్లో మాత్రం బిల్లు చేతికిచ్చాడు. గ్యాస్ నింపి, ఫిల్టర్ మార్చినందుకు రూ.2,200... పని కూలీ రూ.900... ఇంటికి వచ్చినందుకు రూ.400. మొత్తం రూ.3,500. దానిమీద 18 శాతం జీఎస్టీ రూ.630. వెరసి రూ.4,130. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం ఇదే.

ఇందులో మోసం ఉందా అంటే, పనివరకూ లేదు. కంప్రెసర్ మార్చాలంటే గొట్టాలు కోసి మళ్లీ అతికించాలి. కోసినప్పుడు లోపలి గ్యాస్ పోతుంది. గాలినీ తేమనూ పూర్తిగా లాగేసి కొత్త గ్యాస్ నింపాలి. తేమను పీల్చే ఫిల్టర్‌నూ మార్చాలి. కాబట్టి గ్యాస్ లేకుండా ఉట్టి కంప్రెసర్ మారిస్తే లాభం లేదు. ఈ సంగతి కార్డులో ఒక్క ముక్కలో 'గ్యాస్, రవాణా, సేవా రుసుములు వర్తించవు' అని ఉంటుంది. 'మీరే కట్టాలి' అని తేటగా ఉండదు. చిక్కంతా అక్కడే.

అసలు కంప్రెసరే పోయిందా?

చల్లదనం ఆగితే తప్పు ప్రతిసారీ కంప్రెసర్‌దే కానక్కర్లేదు. కంప్రెసర్ గుయ్‌మని తిరుగుతూనే ఉండి లోపల చల్లబడకపోతే, గొట్టాల్లో ఎక్కడో చిల్లుపడి గ్యాస్ కారిపోయి ఉండొచ్చు. లోపల బల్బు వెలుగుతున్నా వెనకాల చప్పుడే లేకపోతే కంప్రెసర్‌ను నడిపించే రిలే చెడి ఉండొచ్చు. ఇన్వర్టర్ ఫ్రిజ్ అయితే దాన్ని ఆడించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయి ఉండొచ్చు. గొట్టాలు, రిలే, బోర్డు... చాలా కార్డుల్లో ఇవేవీ 'కంప్రెసర్' కిందికి రావు. రెండో ఏడాది నుంచి వాటి ఖర్చు మనదే.

అందుకే మెకానిక్ వచ్చినప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. ఏ భాగం చెడింది, ఎందుకు చెడింది, వారంటీ వర్తిస్తుందా లేదా... ఇవన్నీ జాబ్‌షీట్ మీద రాయించుకుని, తేదీ వేయించి, ఒక ప్రతి తీసుకోవాలి. 'ఓల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల పోయింది, వారంటీ రాదు' అన్నా సరే, ఆ కారణాన్నీ కాగితం మీద పెట్టమనండి. రేపు వాదన వస్తే మాట్లాడేది ఆ కాగితమే.

ఇలా రాస్తే ఎంత బాగుంటుంది!

సాధారణంగా కార్డులో కనిపించే వాక్యం ఈ తీరులో ఉంటుంది: 'లోపభూయిష్టమైన కంప్రెసర్‌ను కంపెనీ తన విచక్షణ మేరకు మరమ్మతు చేయుట లేదా మార్చుట సహేతుకమైన వ్యవధిలో జరుగును.'

అదే మాటను మామూలు భాషలో ఇలా రాయొచ్చు:

'బిల్లు తేదీ నుంచి మొదటి ఏడాది, మామూలు వాడకంలో ఫ్రిజ్‌లో ఏ భాగం చెడినా బాగుచేస్తాం. మీరు ఏమీ కట్టనక్కర్లేదు. రెండో ఏడాది నుంచి పదో ఏడాది ముగిసేదాకా కంప్రెసర్ ఒక్కటే ఉచితం. గ్యాస్, ఫిల్టర్, కూలీ, రాకపోకల ఖర్చు మీవి. ఆ రేట్ల పట్టిక ఈ కార్డు వెనక ఉంది. ఫిర్యాదు అందిన 3 రోజుల్లో మనిషిని పంపుతాం. 15 రోజుల్లో బాగుచేయలేకపోతే అదే రకం కొత్త ఫ్రిజ్ ఇస్తాం.'

ఈ రెండింటికీ తేడా భాషలోనే కాదు, బలంలోనూ ఉంది. 'సహేతుకమైన వ్యవధి' అంటే వారమా, మూడు నెలలా? ఎవరికి వారు లాక్కోవచ్చు. '15 రోజులు' అంటే పదహారో రోజున మాట తప్పినట్టే. ఏ భాగం, ఎప్పట్నుంచి, ఎన్ని రోజుల్లో, ఖర్చు ఎవరిది... ఈ నాలుగింటికీ సూటి జవాబున్న కార్డే అవసరానికి పనికొస్తుంది. కార్డులో జవాబు లేకపోతే దుకాణదారుణ్ని అడిగి, ఆయన చెప్పింది బిల్లు మీద రాయించి ముద్ర వేయించుకోండి. డబ్బు మన చేతిలో ఉన్నంతసేపే అడిగినవి రాస్తారు!

కార్డును మించిన చట్టం

కార్డులో రాసిందే ఆఖరి మాట కాదు. వినియోగదారుల రక్షణ చట్టం- 2019 (2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది) ప్రకారం వారంటీ గురించి తప్పుదోవ పట్టించేలా చెప్పడం అనుచిత వాణిజ్య విధానమే. కాబట్టి పదేళ్లన్న ప్రకటననూ స్టిక్కర్ ఫొటోనూ దాచుకోండి. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద ముద్ర కొట్టినంత మాత్రాన లోపమున్న వస్తువును తిరస్కరించడానికి వీల్లేదు. గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోవాల్సిందే. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే.

'వివాదాలు ఫలానా నగరంలోని కోర్టుల పరిధికే లోబడి ఉంటాయి' అనే వాక్యం చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఆదిలాబాద్‌లో ఉంటే అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. వస్తువుకు చెల్లించింది రూ.5 లక్షల లోపయితే రుసుమేమీ లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే, చాలాసార్లు కంపెనీతో మాట్లాడి అక్కడే తేల్చే ప్రయత్నం చేస్తారు.

ఒక్క హద్దు గుర్తుంచుకోవాలి. కార్డులో 'గృహ వినియోగానికి మాత్రమే' అని ఉంటే, దుకాణంలో కూల్‌డ్రింకులకు వాడిన ఫ్రిజ్‌కి వారంటీ ఇవ్వననే హక్కు కంపెనీకి ఉంటుంది.

ఇంకో మాట... దుకాణాల్లో ఇచ్చే నున్నటి బిల్లుల మీద అక్షరాలు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతాయి. పదేళ్ల వారంటీకి ఆధారం ఆ కాగితమే. కొన్నరోజే జిరాక్స్ తీయించి, ఫ్రిజ్ సీరియల్ నంబరు దానిమీద రాసి, వారంటీ కార్డుకు పిన్ను కొట్టి బీరువాలో పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసి ఉంచుకుంటే మరీ మంచిది.