మాను మీద వాలింది ఏ పిట్ట?

ఫొటోలో చెట్టు మానుకు నిటారుగా అతుక్కున్న పక్షి కనిపించగానే వడ్రంగి పిట్ట అనేస్తాం. మన ప్రాంతపు బూడిదరంగు హార్న్‌బిల్ మామూలుగా కొమ్మ మీదే కూర్చుంటుంది. అయితే పిల్లల కాలంలో ఆడపక్షి తొర్రలో ఉండి ద్వారం మూసుకుంటుంది. సన్నని చీలికలోంచి దానికి తిండి అందించడానికి మగపక్షి మానును పట్టుకుని వేలాడుతుంది. అలాంటి ఫొటోలో భంగిమను నమ్మలేం, ముక్కు చూడాలి. కిందికి వంగి, పైన చిన్న కొమ్ము ఉంటే హార్న్‌బిల్. ఉలిలా తిన్నగా ఉంటే వడ్రంగి పిట్ట. ముక్కు తొర్రలో దూరిపోయిందా? తోక చూడండి. వడ్రంగి పిట్టది పొట్టి తోక. బిరుసైన ఈకల కొసలు మొనదేలి మానుకు ఊతకర్రగా ఆనుతాయి. హార్న్‌బిల్ తోక బాగా పొడవు, ఈకల చివర్లు తెలుపు. రెండూ కనిపించని ఫొటోకు పేరు పెట్టకపోవడమే మేలు.