పదేళ్ల తర్వాత కొబ్బరి దింపేదెవరు? ఉద్దానంలో భావి పరిస్థితుల ద్వారా ఉపాధి సేవల గుర్తింపు

రాబోయే అవసరాలను ఊహించేటప్పుడు ముందుగా రెండు రకాల అంశాలను వేరుచేయాలి. కొన్ని ఇప్పటికే దాదాపు నిర్ణయమైపోయినవి. కొన్ని ఎటైనా మళ్లగలిగేవి. ఉద్దానం కొబ్బరి తోటలు ఈ విభజనకు చక్కని ఉదాహరణ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. ఆ తర్వాత నాటిన పొడవు రకం మొక్కలు ఆరేడేళ్లకు కాపుకు వస్తాయి. 2035 నాటికి అవి నేలమీద నిలబడి కోయడానికి వీలులేనంత ఎత్తు పెరుగుతాయి. ఇది నిర్ణీతాంశం. నేడు నలభై అయిదేళ్ల వయసున్న దింపు కార్మికునికి అప్పటికి యాభై దాటడమూ నిర్ణీతమే. పలాస, టెక్కలి ప్రాంతాల యువత పనికోసం దూరప్రాంతాలకు వలసపోవడం కొనసాగుతుందా, తుపాను మళ్లీ వస్తుందా అన్నవి అనిశ్చితాంశాలు.

ఇప్పుడు ఒక ఊహాత్మక గ్రామాన్ని తీసుకొని లెక్కిద్దాం. ఎకరాకు 70 చెట్ల చొప్పున 300 ఎకరాల్లో 21,000 చెట్లుంటాయి. రెండు నెలలకొక దింపు, అందులో 50 పనిదినాలు అనుకుంటే రోజుకు 420 చెట్లు ఎక్కాలి. ఒక్కొక్కరు రోజుకు 30 చెట్లు ఎక్కితే 14 మంది చాలు. వేసవి తీవ్రత పెరిగి ఉదయపు వేళకే పని పరిమితమై, 20 చెట్లే సాధ్యమైతే 21 మంది కావాలి. అంటే కార్మికులు తగ్గే కాలంలోనే వారి అవసరం సగం మేర పెరుగుతుంది. ఈ అంతరమే భావి వ్యాపారావకాశం: చెట్లెక్కే యంత్రాలతో, శిక్షణ పొందిన బృందంతో నడిచే దింపు సేవాకేంద్రం.

అయితే దీనిని ప్రతి భవిష్యత్తులోనూ పరీక్షించాలి. తుపాను వస్తే దింపు ఆదాయం ఆగిపోతుంది. కాబట్టి రంపాలతో కూలిన మానుల తొలగింపు, మొవ్వు శుభ్రత, కొమ్ము పురుగు నివారణ కూడా సేవల్లో ఉండాలి. కుళ్లుతున్న మానుల్లో ఆ పురుగు వృద్ధిచెందుతుంది కనుక తుపాను తర్వాత ఈ పనికి గిరాకీ పెరుగుతుంది. రైతులు గంగాబొండం వంటి పొట్టి రకాలకు పెద్దయెత్తున మారితే మాత్రం చెట్లెక్కే అవసరమే తగ్గుతుంది. ఈ సేవకు అసలు పరిమితి అదే.

ఏ భవిష్యత్తు సమీపిస్తున్నదో తెలుసుకోవడానికి విస్తరణ శాస్త్రవేత్తలు ఏటా మూడు అంశాలను నమోదు చేయాలి. అవి దింపుల మధ్య విరామం, దింపు కార్మికుల సగటు వయసు, కొత్తగా నాటుతున్న మొక్కల్లో పొట్టి రకాల వాటా. విరామం రెండు నెలల నుండి మూడుకు చేరి, ఎండి రాలిన కాయలు పెరిగితే కొరత మొదలైనట్లే. ధర పడిపోయినందున రైతే దింపు వాయిదా వేసినా విరామం పెరుగుతుంది. అందువల్ల ఆ నెల ధరతో పోల్చిన తర్వాతే నిర్ణయానికి రావాలి.