రెసిస్టర్‌లో వేడి పుట్టించే రొద

రెసిస్టర్‌లోని ఎలక్ట్రాన్లు వేడివల్ల నిరంతరం అటూఇటూ కదులుతుంటాయి. అందుకే బ్యాటరీ కలపకపోయినా దాని కొనల మధ్య సన్నని వోల్టేజీ రెపరెపలాడుతుంది. 1928లో జాన్సన్ కొలతలూ, నైక్విస్ట్ వివరణా వెలువడ్డాయి. ఒకే ఉష్ణోగ్రతలో ఏ రెసిస్టరైనా ఒక్కో హెర్ట్జ్‌కు బయటికివ్వగల పవర్ సమానం. నిరోధం ఎక్కువైతే అదే పవర్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి. బ్యాండ్‌విడ్త్ పెరిగితే అలాంటి వాటాలు మరిన్ని చేరతాయి. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక రొద వోల్టేజీ వర్గమూలం చొప్పున పెరుగుతుంది: V = √(4kTRB).

గది ఉష్ణోగ్రతలో 1 మెగాఓమ్ సెన్సర్, 10 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ అయితే రొద సుమారు 13 మైక్రోవోల్టులు. అంతకన్నా బాగా చిన్న సంకేతం అందులో మునిగిపోతుంది. ఎంత మేలైన యాంప్లిఫయరైనా రెండింటినీ కలిపే పెంచుతుంది. నెమ్మదిగా మారే సంకేతమైతే ఫిల్టర్‌తో 100 హెర్ట్జ్‌కు కుదించడం మంచి దారి; రొద 1.3 మైక్రోవోల్టులకు దిగుతుంది. ఇన్‌పుట్‌ను షార్ట్ చేసినా రొద తగ్గకపోతే, అది యాంప్లిఫయర్ సొంతం.